నాన్న పుట్టినరోజుకు 312 శుభాకాంక్షలు: ‘పేరుపేరునా ధన్యవాదాలు’ కాకుండా ఇంకేం రాయాలి?

కొర్లగుంట సుధ · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అందులో ఇరవై రెండేళ్ళు కొండ బస్సే నడిపారు. మొన్న శుక్రవారం ఆయనకు 65 నిండాయి. యూనిఫాంలో ఉన్న పాత ఫోటో ఒకటి దొరికితే ఆయన ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇంత స్పందన వస్తుందని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. ఫేస్‌బుక్‌లో 148. వాట్సాప్‌లో మూడు గ్రూపుల్లో కలిపి 120 (డిపో రిటైర్డ్ వాళ్ళది, బంధువులది, మా వీధిది). విడిగా ఆయన నంబరుకు 44. మొత్తం 312. ఫోన్లు చేసినవాళ్ళు వేరే.

నాన్నకు టైపింగ్ రాదు. “అందరికీ ఏదో ఒకటి చెప్పల్ల కదమ్మా, ఊరికే ఉంటే బాగుండదు” అన్నారు. నేను ఇది రాశాను:

“నా పుట్టినరోజు సందర్భంగా శుభాకాంక్షలు తెలిపిన బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు, అందరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ఆదరాభిమానాలు ఎల్లప్పుడూ ఇలాగే ఉండాలని కోరుకుంటూ...”

చదివి వినిపిస్తే నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఇది నేను మాట్లాడినట్టు లేదే. మీటింగు చివర వందన సమర్పణ చేసినట్టుంది” అన్నారు. అదీ నిజమే. కానీ ఇన్ని వందల మందికి ఒకేసారి చెప్పాలంటే ఇంకెలా రాస్తారు? మీలో ఎవరైనా రాసి ఉంటే చెప్పండి.

పుత్తూరు పవన్ · ఆదివారం రాత్రి 10:05

అక్కా, ఇది పది నిమిషాల పని. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసి ఒకే మెసేజ్ పంపించండి. అందరికీ విడివిడిగా వచ్చినట్టే కనిపిస్తుంది, గ్రూపులో పెట్టినట్టుండదు. ఫేస్‌బుక్‌లో అయితే ఒక పోస్టు పెట్టి విష్ చేసినవాళ్ళనందరినీ ట్యాగ్ చేసేయండి. పేరు కనిపిస్తే చాలు, వాళ్ళకు సంతోషమే.

పలమనేరు లత · ఆదివారం రాత్రి 10:31

పవన్, బ్రాడ్‌కాస్ట్ సంగతి సగమే చెప్పినావు. మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది. లేకపోతే వాళ్ళకు అసలు పోదు, మనకు ఏ హెచ్చరికా రాదు. మా అబ్బాయి పుట్టినరోజుకు నేనట్లే పంపించి అందరికీ చెప్పేశాననే అనుకున్నా. నాలుగు రోజుల తర్వాత ఆ మెసేజ్‌ను నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే, చేరినవాళ్ళ పేర్లు సగం కూడా లేవు. సుధా వాళ్ళ నాన్నకు రాసినవాళ్ళలో పాత ప్యాసింజర్లు ఉంటారు కదా, వాళ్ళెవరు ఆయన నంబరు దాచిపెట్టుకుని ఉంటారు? పైగా ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు.

ఇంకొకటి. బ్రాడ్‌కాస్ట్‌కు వాళ్ళు జవాబిస్తే అది విడి చాట్‌లోకే వస్తుంది. “అన్నా ఆరోగ్యం ఎట్లుంది” అని ఎవరో అడుగుతారు. తనకే రాశారనుకుని అడిగినవాళ్ళకు మళ్ళీ జవాబు లేకపోతే, ముందు పంపింది కూడా తేలిపోతుంది.

చిత్తూరు తెలుగు మాస్టారు · సోమవారం ఉదయం 6:50

అమ్మా సుధా, మీ నాన్నగారి చెవి మంచిది. ‘పేరుపేరునా’ అంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అని. మనమేమో ఒక్క పేరు కూడా రాయకుండా ఆ మాట వాడుతున్నాం. వాడగా వాడగా అది అర్థం పోయి శబ్దం మిగిలింది. ‘శ్రేయోభిలాషులు’ కూడా అంతే. ఏ మనిషీ తనను తాను శ్రేయోభిలాషి అనుకోడు, కాబట్టి ఆ మాట చదివినప్పుడు ఇది నాకే అని ఎవరికీ అనిపించదు.

నా సలహా: నిజంగానే పేర్లు రాయండి. 312 పేర్లూ వరసగా. పొడవైతే కానీండి. ఆ మాటకు న్యాయం చేసినట్టవుతుంది.

గాంధీరోడ్డు ప్రెస్ · సోమవారం ఉదయం 8:15

మాస్టారూ, నమస్కారం. మాట గురించి మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. పేర్లు రాయమనడం దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను. పాతికేళ్ళుగా పెళ్ళి పత్రికలు, కృతజ్ఞతల కార్డులు, షష్టిపూర్తి పత్రికలు కంపోజ్ చేస్తున్నాను. కార్డు అచ్చయ్యాక వెనక్కి వచ్చేది దాదాపు ఎప్పుడూ పేర్ల గొడవ మీదే. చిన్నాన్న పేరుంది, పెద్దమేనమామ పేరు లేదు. పత్రిక చివర ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని వేసుకుంటాం చూడండి, ఆ ఒక్క లైను ఎన్ని ఇళ్ళను కాపాడిందో నాకు తెలుసు. 311 పేర్లు రాసి ఒకటి తప్పిపోతే, ఆ ఒక్కరికి అది కృతజ్ఞత కాదు, అవమానం. ట్యాగింగూ అంతే.

సుధమ్మా, నువ్వు ఒక పని చెయ్. రాయడం పక్కనపెట్టి ముందు చదువు. నోటుబుక్కు తీసుకుని 312 మెసేజ్‌లూ మొదటినుంచి చదువుతూ, ‘హ్యాపీ బర్త్‌డే’, ‘జన్మదిన శుభాకాంక్షలు’, కేకు బొమ్మ, దండం బొమ్మ లాంటివి ఒక గీత గీసి లెక్కలో వేసెయ్. సొంతంగా ఒక్క వాక్యమైనా రాసినవాళ్ళు కనిపిస్తే పేరు, ఆ వాక్యం రాసుకో. ఎంతమంది తేలారో ఇక్కడ చెప్పు. అప్పుడు మాట్లాడదాం. నా అంచనాలో యాభై దాటరు.

చదివేటప్పుడు నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. గట్టిగా చదువు. ఎందుకో తర్వాత చెప్తాను.

శ్రీకాళహస్తి కుర్రాడు · సోమవారం ఉదయం 9:02

పెద్దవాళ్ళకు పుట్టినరోజుకు పంపడానికి పద్యం కావాలంటే నా దగ్గర రెండు ఉన్నాయి. ఆటవెలదిలో నేనే రాసినవి. పెట్టమంటారా?

పలమనేరు లత · సోమవారం ఉదయం 9:10

తమ్ముడూ, ఆమె అడిగింది విష్ చెయ్యడం గురించి కాదు, వచ్చిన విషెస్‌కు జవాబివ్వడం గురించి. పద్యాలు వేరే చర్చలో పెట్టు, నేనూ చదువుతా.

మామిడితోట రమణ · సోమవారం మధ్యాహ్నం 2:20

నాది వేరే సంగతి, కానీ ఇక్కడే అడగల్లని అనిపించింది. మా అమ్మ మాఘమాసంలో పోయింది. అప్పటికింకా ఇరవై రోజులు కాలేదు, నా పుట్టినరోజు వచ్చింది. తెలియని వాళ్ళు చానామంది విష్ చేసినారు. బెంగళూరులో ఉండే దోస్తులు, మండీ వ్యాపారులు. ఏడాది లోపల మా ఇంట్లో పండగలే లేవు, పుట్టినరోజుకు థాంక్స్ ఏం చెప్పేది? ఎవరికీ జవాబియ్యలేదు. ఇప్పుడు మూడు నెలలైంది. కొందరు పలకరించడం తగ్గించినట్టు ఉండాది. ఇప్పుడు చెప్తే బాగుంటాదా, వద్దా?

చిత్తూరు తెలుగు మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 3:45

రమణా, అమ్మగారి సంగతి విని బాధగా ఉంది. నువ్వు మౌనంగా ఉండడంలో తప్పేమీ లేదు. అందరికీ కలిపి ఒక పోస్టు మాత్రం పెట్టకు. అలా పెడితే దాని కింద ఓదార్పులు, ‘ఓం శాంతి’లు వచ్చి పడతాయి, మళ్ళీ వాటికి జవాబివ్వాల్సి వస్తుంది. పలకరింపు తగ్గిందని నీకు అనిపించిన ఇద్దరు ముగ్గురికి మాత్రం విడిగా ఉన్నది ఉన్నట్టు రాయి. అప్పుడు అమ్మ పోయి ఇరవై రోజులు, జవాబివ్వలేకపోయాను అని. అంతకన్నా ఏం అక్కర్లేదు.

గాంధీరోడ్డు ప్రెస్ · సోమవారం సాయంత్రం 4:30

మాస్టారి మాటకు ఒక చిన్న చేర్పు. రమణా, రాయడం కన్నా ఫోను చెయ్. మూడు నెలల తర్వాత మెసేజ్ వస్తే చదివినవాళ్ళు ఇబ్బంది పడతారు, తిరిగి ఏం రాయాలో తెలియక. ఫోన్లో అయితే రెండు మాటలు అక్కడికక్కడే అయిపోతాయి.

మామిడితోట రమణ · సోమవారం సాయంత్రం 5:12

ఫోన్లో నావల్ల కాదన్నా. ఆ మాట నోటితో చెప్పలేను ఇంకా. చూస్తా.

కొర్లగుంట సుధ · మంగళవారం రాత్రి 10:20

ప్రెస్ అన్నా, మీరు చెప్పినట్టే చేశాము. నిన్న సాయంత్రం ఫేస్‌బుక్, ఈ రోజు వాట్సాప్. నాన్న మంచం మీద, నేను కింద నోటుబుక్కుతో. 312లో సొంతంగా ఏదో ఒకటి రాసినవాళ్ళు 41 మంది. మిగతా 271 ఉత్త శుభాకాంక్షలు.

కానీ ఒక వింత. ఈ 41 మందిలో ఏడుగురు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు, నిమ్మకాయల గురించి రాశారు! “అంకుల్, మీరిచ్చిన నిమ్మకాయ నాకింకా గుర్తుంది” అని ఒకామె. ఆమె చదువుకునే రోజుల్లో అమ్మమ్మతో కొండకు వెళ్ళిందట. “సీటు పక్క సంచిలో నిమ్మకాయలు లేని మీ బస్సు నేను చూడలేదు” అని ఆయనతో పనిచేసిన కండక్టరు. నాకు ఈ సంగతే తెలియదు. అమ్మకూ తెలియదు, కూరగాయల్లో నిమ్మకాయలు తగ్గుతుంటే నాన్న మజ్జిగలోకి వాడుతున్నారని అనుకునేదట.

నాన్నను అడిగితే చెప్పారు. అలిపిరి దగ్గర చెకింగ్‌కు అందరూ లగేజీతో దిగి, నడిచి అవతలికి వచ్చి మళ్ళీ ఎక్కుతారు కదా. అప్పుడే మొహాలు చూసి ఎవరికి తిప్పుతుందో కనిపెట్టేవారట. వాళ్ళు ఎక్కేటప్పుడు చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, గోటితో గిచ్చి వాసన చూస్తూ కూర్చోమనేవారట.

గాంధీరోడ్డు ప్రెస్ · మంగళవారం రాత్రి 11:05

నీ పోస్టు దొరికిపోయింది సుధమ్మా. ఇందుకే ముందు చదవమన్నాను. అందరికీ కలిపి చెప్పే మాట చప్పగా ఎందుకుంటుందంటే, అది విష్ రాకముందే రాసిపెట్టుకున్నట్టు ఉంటుంది. నువ్వు మొదట రాసింది చూడు, దాన్ని ఏ ఊళ్ళో ఎవరి పుట్టినరోజుకైనా వేసుకోవచ్చు. వచ్చిన మాటల్లోంచి ఒకటి తీసి తిరిగి చెబితే, ఇది చదివి రాసింది అని ప్రతివాళ్ళకూ తెలుస్తుంది. నిమ్మకాయ గురించి రాయని మూడొందల మందికి కూడా తెలుస్తుంది.

ఇప్పుడు వరస చెప్తాను, వరస ముఖ్యం. ముందు ఆ 41 మందికి విడివిడిగా. ఆ తర్వాతే అందరికీ కలిపి పోస్టు. తిరగేసి చేస్తే, నాలుగు లైన్లు మనసుపెట్టి రాసినామె ఆ పోస్టు చదివి, ఓహో నాకూ ఇదే అనుకుంటుంది. ఆ తర్వాత విడిగా ఎంత బాగా రాసినా మిగిలిపోయినవాళ్ళకు పెట్టినట్టుంటుంది. 

41 మందికి పొడవు అక్కర్లేదు. వాళ్ళు రాసినదానిలో ఒక ముక్కకు జవాబు ఉంటే చాలు. ఆ అమ్మమ్మతో వెళ్ళినామెకు “అమ్మమ్మ ఎట్లున్నారమ్మా” అని అడిగితే అది ఇంకెవరికీ పనికిరాని వాక్యం. అదే కావాలి.

ఇంకొక మాట. కలిపి రాసే పోస్టులో ‘అన్నీ చదివాను’ అని చాలామంది రాస్తారు. చదవకుండా రాస్తారు. మీ నాన్న నిజంగా విన్నారు కాబట్టి మీరు రాయొచ్చు. గట్టిగా చదవమన్నది అందుకే.

పలమనేరు లత · బుధవారం ఉదయం 7:30

41 మందికి నాన్నతోనే మాట్లాడించు సుధా. టైపు రాకపోతే ఏం, వాయిస్ మెసేజ్ ఉంది కదా. మైకు నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, వేలు పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పది సెకన్లు చాలు. మొదట వాళ్ళ పేరో వరసో పిలవమను: “ఏం బావా”, “అమ్మా ఫలానా”. ఆ పిలుపుతోనే సగం పని అయిపోతుంది. రెండు మూడు అయ్యాక ఆయనకే అలవాటవుతుంది.

గ్రూపులో రాసినవాళ్ళకు గ్రూపులోనే జవాబివ్వకు. ఇరవై వాయిస్‌లు వరసగా పడితే మిగతావాళ్ళకు విసుగు, ఎవరూ వినరు. గ్రూపులో వాళ్ళ మెసేజ్ నొక్కిపట్టి, మెనూలో Reply privately అని ఉంటుంది, అది నొక్కితే వాళ్ళు రాసిన మాట అలాగే పైన కనిపిస్తూ విడి చాట్ తెరుచుకుంటుంది. ఏ మాటకు జవాబో వాళ్ళకు తెలుస్తుంది.

పుత్తూరు పవన్ · బుధవారం ఉదయం 9:48

ఒప్పుకుంటా అక్కా, బ్రాడ్‌కాస్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ 271 మంది సంగతేంటి? ఫేస్‌బుక్‌లో ప్రతి విష్ కిందా కనీసం ‘థాంక్యూ’ అని కొట్టాలి కదా. లైక్ ఒక్కటే కొడితే గర్వం అనుకోరా?

గాంధీరోడ్డు ప్రెస్ · బుధవారం ఉదయం 10:20

పవన్, రెండు పదాలు రాసినవాళ్ళు రెండు పదాల జవాబే ఆశిస్తారు. గుండె గుర్తు నొక్కితే సరిపోతుంది, అది కూడా చూశామనే గుర్తే. ‘థాంక్యూ’ అని వరసబెట్టి కాపీ పేస్టు చేస్తే వంద చోట్ల అదే మాట ఒకదాని కింద ఒకటి కనిపిస్తుంది. చూసేవాళ్ళకు అదే ఎక్కువ యాంత్రికంగా ఉంటుంది. పైగా ఒకే మాట గబగబా అతికిస్తూ పోతే స్పామ్ అని కాసేపు కామెంట్లు ఆపేయడం కూడా మామూలే.

చంద్రగిరి శ్రీను · బుధవారం మధ్యాహ్నం 12:15

నేను దీనికి ఒప్పుకోను. మా మామయ్య కళ్ళు సరిగా కనపడకపోయినా మనవడితో తెరిపించుకుని విష్ చేస్తాడు. ‘హ్యాపీ బర్త్‌డే’ అని రెండు పదాలే. ఆయనకు అది కొట్టడానికి పది నిమిషాలు. రెండు పదాలున్నాయని గుండె గుర్తుతో సరిపెడితే ఎట్లా? మెసేజ్ పొడవును బట్టి మనిషిని లెక్కేయడం నాకు నచ్చలేదు.

గాంధీరోడ్డు ప్రెస్ · బుధవారం మధ్యాహ్నం 12:50

శ్రీనూ, ఇది నేను ఆలోచించని కోణం. అలాంటివాళ్ళు ఎవరో ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. సుధమ్మా, ఆ 271 మంది పేర్లు నాన్నకు ఇంకొకసారి చదివి వినిపించు. ఆయన ‘ఆగు’ అన్న చోట ఆ పేరును 41లో కలుపు. మన గీతలు మెసేజ్‌లకు గీసినవి, మనుషులు ఆయనకే తెలుసు.

కొర్లగుంట సుధ · గురువారం రాత్రి 9:15

నాన్న ఆరు చోట్ల ‘ఆగు’ అన్నారు. ఒకాయనకు పోయినేడాది పక్షవాతం వచ్చిందట, ఎడమచేత్తో కొట్టి ఉంటాడు అన్నారు. ఇంకొకరు ఆయనతో ఇరవై ఏళ్ళుగా మాటల్లేనివాళ్ళు. ఆ పేరు దగ్గర నాన్న చాలాసేపు ఆగారు. ఆ ఆరుగురితో కలిపి 47 మంది అయ్యారు.

వాయిస్‌లు నిన్న, ఈ రోజు పంపించాం. ఫేస్‌బుక్‌లో రాసినవాళ్ళకు మెసెంజర్‌లో. మాటల్లేనాయనకు మాత్రం వాయిస్ వద్దని నంబరు కనుక్కుని ఫోనే చేశారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడారు, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

అందరికీ కలిపి పెట్టే పోస్టు ఇప్పుడు ఇలా వచ్చింది. నాన్న చెప్తుంటే రాశాను, చివర రెండు వాక్యాలు నావి:

“కొండ బస్సులో నిమ్మకాయలు ఎందుకు పెట్టుకునేవాడివని మా ఇంట్లో ఎవురూ ఎప్పుడూ అడగలేదు. మొన్న పుట్టినరోజుకు మీలోనే ఏడుగురు ఆ మాట రాసినారు. మొదటిసారి కొండెక్కే పిల్లోళ్ళకు మలుపులు మొదలైతానే కడుపులో తిప్పేది. అలిపిరి కాడ చెకింగ్‌కు దిగినప్పుడే మొహం చూస్తే తెలిసిపోయేది. మళ్ళా ఎక్కేటప్పుడు చేతిలో ఒకటి పెట్టేవాణ్ణి. అది ఎవరికన్నా గుర్తుంటాదని నేను అనుకోలేదు.

మూడొందల మందికి పైగా రాసినారు. నాకు టైపు రాదు. మా అమ్మాయి రెండు సాయంత్రాలు పక్కన కూచుని ఒకటొకటే చదివింది, అన్నీ విన్నాను. ఉత్త హ్యాపీ బర్త్‌డే అని రాసినోళ్ళ పేర్లు కూడా విన్నాను. పేరు వింటే మొహం గుర్తొచ్చింది.

మీ అందరి ప్రేమకు నేనెప్పుడూ రుణపడి ఉంటాను. మీ ఆశీస్సులు ఎల్లప్పుడూ ఉండాలని కోరుకుంటున్నాను.”

గాంధీరోడ్డు ప్రెస్ · గురువారం రాత్రి 9:50

చివరి రెండు వాక్యాలు తీసెయ్. కోపం తెచ్చుకోకు తల్లీ, అవి పాత పోస్టులోంచి తిరిగొచ్చినవి. ‘పేరు వింటే మొహం గుర్తొచ్చింది’ అన్నాక ఇంకే మాటా నిలబడదు. మొదటి వాక్యం బాగుంది, దాన్ని కదిలించకు. ఫేస్‌బుక్‌లో పొడవైన పోస్టు కొంతవరకే కనిపించి మిగతాది See more కిందికి పోతుంది. ‘అందరికీ ధన్యవాదాలు’ అని మొదలుపెడితే జనం అక్కడే దాటేస్తారు. నిమ్మకాయ ఉంటే నొక్కుతారు.

చివర ఏదైనా అడగాలనుకుంటే అడగొచ్చు, కింద వచ్చే జవాబులు కూడా నాన్నకు చదివి వినిపిస్తానంటేనే.

చిత్తూరు తెలుగు మాస్టారు · శుక్రవారం ఉదయం 6:40

చాలా బాగుంది. ఒక్క సందేహం. ‘ఎవురూ’, ‘కాడ’, ‘రాసినోళ్ళ’ అని అలాగే ఉంచుతారా? మాటల్లో వినడానికి కమ్మగా ఉంటుంది, రాతలో చూస్తే చదువు లేనివాళ్ళు రాసినట్టు తీసుకునేవాళ్ళు ఉంటారు. నాన్నగారిని ఎవరూ తక్కువ చేయకూడదని నా బాధ.

పలమనేరు లత · శుక్రవారం ఉదయం 7:15

మాస్టారూ, గౌరవంతోనే చెప్తున్నా, దిద్దితే ఆయన గొంతు పోతుంది. ఆ బస్సెక్కినవాళ్ళు ఆ మాటనే గుర్తుపడతారు. ‘అలిపిరి వద్ద తనిఖీ నిమిత్తం’ అని రాస్తే ఆయన కాదు.

చిత్తూరు తెలుగు మాస్టారు · శుక్రవారం ఉదయం 7:32

తనిఖీ నిమిత్తం అని నేను అనలేదమ్మా. ‘దగ్గర’ అంటే చాలు అంటున్నాను. సరే, నిర్ణయం వాళ్ళది.

కొర్లగుంట సుధ · ఆదివారం రాత్రి 8:30

నిన్న ఉదయం పెట్టాను. భాష నాన్నదే ఉంచాను. చివరి రెండు వాక్యాలు తీసేసి, “నా బస్సు ఎక్కినోళ్ళుంటే ఏ ఏడాదో కింద రాయండి. చెప్పింది నేను, రాసింది మా అమ్మాయి” అని ముగించాను. ఎవరు రాశారో దాచడం నాన్నకు ఇష్టం లేదు.

ఒక తప్పు జరిగింది, మీకు చెప్పాలి. ఇదే పోస్టును బంధువుల గ్రూపులో కూడా పెట్టేశాను. గంటలో మా మేనత్త ఫోను. ఆవిడ ఆ రోజు తెల్లవారి లేచి పరమాన్నం చేసి చిత్తూరు నుంచి బస్సులో తెచ్చింది. “ఎవరో ప్యాసింజర్లను తలుచుకున్నాడు, నేను గుర్తులేదా” అంది. నిజమే కదా. విష్ మెసేజ్‌లు లెక్కపెట్టాను గానీ, మెసేజ్ పెట్టకుండా మనిషే వచ్చినవాళ్ళను లెక్కలో వేయలేదు. నాన్న వెంటనే మాట్లాడారు. గ్రూపులో పెట్టింది తీసేసి, పరమాన్నం గిన్నె ఫోటోతో వేరే రాశాను. అందులో నిమ్మకాయల మాటే లేదు. ఆ గిన్నె అడుగున మా తాత పేరు చెక్కి ఉంది, దాని గురించి రాశాను. డిపో గ్రూపుకు మళ్ళీ వేరే: ఎక్కేది కొత్త ఘాట్, దిగేది పాత ఘాట్, దిగేటప్పుడు ఆయన వెనకాల బండి ఉంటే ధైర్యంగా ఉండేదని ఇద్దరు రాశారు, దానికి జవాబుగా మూడు లైన్లు.

గాంధీరోడ్డు ప్రెస్ · ఆదివారం రాత్రి 9:05

వచ్చినవాళ్ళు, వండినవాళ్ళు, ఫోను చేసినవాళ్ళు. ఈ మూడు వరసలు నేనే మొదట అడగాల్సింది. మెసేజ్‌ల దగ్గరే ఆగిపోయాను. మేనత్తగారు తేరుకున్నారు కదా?

కొర్లగుంట సుధ · ఆదివారం రాత్రి 9:20

తేరుకున్నారు. వచ్చే ఆదివారం నాన్న చిత్తూరు వెళ్తున్నారు, గిన్నె తిరిగి ఇవ్వడానికి.

పుత్తూరు పవన్ · ఆదివారం రాత్రి 9:41

అక్కా, పోస్టు పెట్టాక ఆలస్యంగా విష్ చేసినవాళ్ళు వచ్చి ఉంటారు కదా. వాళ్ళకు మళ్ళీ ఇంకో పోస్టా?

కొర్లగుంట సుధ · ఆదివారం రాత్రి 9:55

తొమ్మిది మంది వచ్చారు. ఇంకో పోస్టు పెట్టను, అంతవరకు తెలుసు. విడిగా ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి నాన్న కింద వచ్చిన ఏడాదులు వింటున్నారు. 1998 అని ఒకరు, 2006 అని ముగ్గురు. ప్రతిదానికీ ఆ ఏడాది ఏ బండి నడిపారో చెప్తున్నారు.

మామిడితోట రమణ · సోమవారం ఉదయం 5:50

సుధక్కా, మీ నాయన వాయిస్‌ల సంగతి చదివి నేనూ ఇద్దరికి వాయిస్ పెట్టినా రాత్రి. ఫోనైతే ఎదుటోళ్ళు మాట్లాడతారని భయం, ఇందులో అది లేదు. నాలుగుసార్లు చెరిపి ఐదోసారి పంపినా. బెంగళూరు దోస్తు తెల్లారి నాలుగింటికే విన్నట్టుండాది, వస్తాండా అని మాత్రం పెట్టినాడు. తోటకు పోయి కాయలు చూసుకొని, మధ్యాహ్నానికి స్టేషన్ కాడికి పోవల్ల.